అమలాపురం బస్టాండులో అక్షరాలు నిలవవు

మొదట పళ్ళు ఊడాయి. కలలోనే. తరగతి గదిలో నల్లబల్ల మీద త్రిభుజం గీస్తూ ఉంటే పై పన్ను ఒకటి వదులై నాలుక మీదకు జారింది. దాన్ని ఏం చేయాలో తోచేలోగా ఇంకొకటి. నోటినిండా సుద్దముక్కల్లాంటి పళ్ళు పెట్టుకుని, పిల్లలకు తెలియకూడదని పెదవులు బిగించి, ఈ లెక్క ఎలా పూర్తి చేయడమా అని దిగులు పడుతూ మేలుకున్నాను. మూడు వారాల్లో అది నాలుగోసారి.

పెద్దమ్మతో చెప్పడం నా పొరపాటు. "పై పళ్ళా, కింది పళ్ళా?" అని అడిగింది. పైవన్నాను. ఆవిడ ఇంట్లో ఉన్న మగవాళ్ళందరినీ ఒకసారి కళ్ళతోనే లెక్కపెట్టి, "రాత్రి పడుకునేముందు శ్లోకం చదువుకో" అంది. "రామం స్కందం హనూమంతం వైనతేయం వృకోదరం" అనే శ్లోకం. రోజూ పడుకునేటప్పుడు తలుచుకున్నవారికి పీడకల రాదని దాని ఫలం. చిన్నప్పుడు మాకు అన్నం తిన్న చేయి కడుక్కోవడం ఎంతో ఇదీ అంతే.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఒక మాట నిజమో కాదో తేలాలంటే ముందు అంకెలు కావాలని నమ్మేదాన్ని. పెద్దమ్మ దగ్గర పంచాంగం వెనక పేజీల్లోని స్వప్నఫలాలు ఉన్నాయి. నా దగ్గర ఏమీ లేదు. అందుకని ఇంటి దగ్గరి కొట్లో రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు కొన్నాను. అది రెండేళ్ళ కిందటి వేసవి మాట. బదిలీల కౌన్సెలింగ్ ఇవాళ, రేపు అంటూ వాయిదా పడుతున్న రోజులు. నిద్ర ఎలాగూ సరిగా పట్టడం లేదు.

మొదటి వారం ఏడు రాత్రుల్లో రెండు కలలే చిక్కాయి. ఒకటి "ఏదో పెళ్ళి, పులిహోర అయిపోయింది" అన్నంత మాత్రమే. నాకు కలలు తక్కువేమో అనుకున్నాను. అది కాదని తరువాత తెలిసింది. నిద్ర సుమారు గంటన్నర విడతలుగా సాగుతుంది. కనుగుడ్లు రెప్పల కింద చురుగ్గా కదిలే దశ ఒకటి విడత చివర్లో వస్తుంది. స్పష్టమైన, కథలాంటి కలలు ఎక్కువగా అప్పుడే. రాత్రి గడిచేకొద్దీ ఆ దశ పొడుగవుతుంది. అంటే ఆరేడు గంటలు నిద్రపోయే ఎవరికైనా రాత్రికి కొన్ని కలలు వస్తాయి. లేచిన నిమిషంలో అవి ఆవిరైపోతాయి, అంతే.

నా కలలను చంపుతున్నది అలారం. అది కొట్టగానే చేయి చాపి, ఫోను తీసి, వెలుతురులో కళ్ళు చిట్లించి, పాఠశాల బృందంలో ఎవరో పెట్టిన సందేశం చూసేసరికి కల పోయేది. బృహదారణ్యకోపనిషత్తులో నిద్రపోయేవాణ్ణి గబుక్కున లేపవద్దని పెద్దలు చెబుతారన్న మాట ఒకటి ఉంది. బయట తిరుగుతున్నవాడు సరిగ్గా తన చోటికి తిరిగి చేరకపోతే వైద్యం కష్టమట. ఆ భయం సంగతి నాకు తెలియదు కానీ, చేరకపోయేది మాత్రం కల అని నాకు అర్థమైంది. ఫోను హాల్లోకి పంపాను. తలగడ పక్కన నోటుబుక్కు, పెన్సిలు పెట్టాను. పెన్సిలే ఎందుకంటే, వెల్లకిలా పడుకుని పైకెత్తి రాస్తే పెన్నులో సిరా దిగదు.

నాకు పనిచేసిన పద్ధతి చెబుతాను. మెలకువ రాగానే కదలకూడదు. పక్కకు తిరిగితే ఆ కదలికతోనే సగం పోతుంది. కళ్ళు మూసుకునే, చివరి దృశ్యం నుంచి వెనక్కి నడవాలి. ఇక్కడ ఉన్నాను, దీనికి ముందు ఎక్కడ ఉన్నాను? దారం చివర దొరికితే ఉండ దొర్లుకుంటూ వస్తుంది. తరువాత చీకట్లోనే మూడు నాలుగు మాటలు గీకాలి: "తడి చాప, హెడ్మాస్టరు, బావి." మొహం కడుక్కున్నాక ఆ మాటల ఆధారంతో పూర్తిగా రాయాలి. ఎడమ పేజీలో కల, వర్తమాన కాలంలో, దానికో పేరు, లేచినప్పుడు మనసు ఎలా ఉందో ఒక మాట. కుడి పేజీలో ముందు రోజు ఏం జరిగిందో రెండు వాక్యాలు. కల రాకపోయినా కుడి పేజీ మాత్రం రోజూ రాయాలి. ఈ చివరి నియమం ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. లెక్కల మాస్టర్లకు ఖాళీ గడులు నచ్చవు, అందుకేమో.

ఇందులో ఒక మోసం ఉంది. నేను కలలకు మెరుగులు దిద్దుతున్నాను. రెండో నెలలో పాత పేజీలు తిరగేస్తే, చీకట్లో గీకిన మాటల్లో లేని సంగతులు ఉదయం రాసినదాంట్లో కనిపించాయి. "ఎందుకంటే", "అందువల్ల" అనే మాటలు ఎక్కువయ్యాయి. కలలో అందువల్లలు ఉండవు. బావి పక్కన హెడ్మాస్టరు ఉంటాడు, అంతే. ఎందుకున్నాడో కల చెప్పదు. అప్పటినుంచి తెలియనిచోట గీత గీసి వదిలేయడం అలవాటు చేసుకున్నాను.

మూడు నెలలకు, అంటే తొంభై రెండు రాత్రులకు, డెబ్బై ఒక్క కలలు పోగయ్యాయి. ఇప్పుడు వాటిని దేని ప్రకారం వర్గీకరించాలి? పంచాంగంలో పాముకు ఒక ఫలం, పెళ్ళికి ఒక ఫలం ఉంటాయి. "కలలో పెళ్ళి కనిపిస్తే చావు, చావు కనిపిస్తే పెళ్ళి" అని పెద్దమ్మ లాంటివాళ్ళు అనే మాట కూడా అదే వరస. ఆయుర్వేదం చదువుకున్న తోటి ఉపాధ్యాయుడి తమ్ముడు ఒకరోజు వేరే దారి చూపించాడు. చరకసంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలని ఉంది. చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించుకున్నది, జరగబోయేదాన్ని తెలిపేది, శరీర దోషం వల్ల పుట్టేది. సంస్కృతంలో దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు చెప్పాలట. పగటి కలలకూ, మరీ పొట్టివాటికీ, మరీ పొడుగువాటికీ కూడా ఫలం లేదట.

ఇది చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. శాస్త్రం పేరు చెప్పి నన్ను భయపెట్టినవాళ్ళెవరూ ఈ జల్లెడ సంగతి చెప్పలేదు. "ఈ కలకు అర్థమేమిటి" అనే ప్రశ్నకు ముందు "ఇది ఏ జాతి కల" అనే ప్రశ్న ఉందన్నమాట. నా డెబ్బై ఒక్క కలలను ఏడు గడుల్లో వేశాను. చూసినవీ విన్నవీ అనుభవించినవీ కలిపి నలభై మూడు. కోరుకున్నవి తొమ్మిది, ఊహలు ఆరు, శరీరానివి పన్నెండు. జరగబోయేది ఒకటే ఒకటి.

ఆ ఒక్కదాని సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది నన్ను కాసేపు ఊపేసింది. ఎనిమిదేళ్ళుగా మాటల్లేని స్నేహితురాలు ఫోను చేసినట్టు కల వచ్చింది. రెండు రోజులకు నిజంగానే చేసింది. నోటుబుక్కు లేకపోతే నేను ఈ కథను జీవితాంతం చెప్పుకునేదాన్ని. కానీ అదే నోటుబుక్కులో ఎవరో ఒకరు ఫోను చేసిన కలలు ఇంకో ఐదు ఉన్నాయి. ఆ ఐదుగురిలో ఎవరూ చేయలేదు. వాళ్ళు చేయని సంగతి నాకు గుర్తు కూడా లేదు.

శరీరానివి అని రాసిన పన్నెండులో ఆరు పళ్ళ కలలు. నేను వాటిని మొదట "ఊహలు" గడిలో వేశాను. కుడి పేజీ చూసుకుంటే ఆరింటిలో ఐదింటి దగ్గర ఉదయం దవడ నొప్పి అని ఉంది. పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన నోరు తెరిపించి చూసి, దంతాల అంచులు అరిగి ఉన్నాయని, నేను నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని చెప్పాడు. రాత్రిపూట పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు ఒకటి చేసి ఇచ్చాడు. ఇజ్రాయెల్ పరిశోధకులు 2018లో ఇదే విషయం గమనించి ప్రచురించారని తరువాత చదివాను: పళ్ళ కలలకు మనోవ్యథ కన్నా, లేవగానే పళ్ళలో, దవడలో ఉండే బిగువుతోనే సంబంధం కనిపించింది. తొడుగు పెట్టుకున్నాక రెండు నెలల్లో ఆ కల ఒక్కసారే వచ్చింది. ఈలోగా మా వైపు దూరపు బంధువు ఒకాయన తొంభై ఒకటో ఏట కాలం చేశారు. పెద్దమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఇక మిగిలింది బస్టాండు.

డెబ్బై ఒకటిలో పద్నాలుగు కలలు అమలాపురం బస్టాండులోనే జరిగాయి. ఇది లెక్క వేసేదాకా నాకు తెలియనే తెలియదు. ఒక్కొక్కటీ ఒక్కో కథ అనుకున్నాను. ఒకసారి పరీక్ష, ఒకసారి పెళ్ళి, ఒకసారి వరద. చోటు మాత్రం అదే. సిమెంటు బెంచీ, పైన రేకులు, పసుపు బల్బు, ఎదురుగా ఆగిన బస్సు. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. నేను ఆరో తరగతిలో ఉండగా రాత్రి బండి దిగే వేళకు అన్నం క్యారేజీ పట్టుకుని అక్కడ కూర్చునేదాన్ని. కలలో బస్సులు వస్తాయి. ఏ బస్సులోనూ కండక్టరు ఉండడు.

పెద్దమ్మకు ఇది కూడా చెప్పాను. మనిషి బుద్ధి మారదు. "బస్సు ఏ దిక్కుకు పోయింది?" అని అడిగింది. ఆ ప్రశ్న వెనక ఎంత వెనకటి చరిత్ర ఉందో తరువాత తెలిసింది. అయోధ్యకాండలో భరతుడు మేనమామ ఇంట ఉండగా తండ్రి గురించి పీడకల కంటాడు. దశరథుడు జుట్టు విరబోసుకుని కొండ మీద నుంచి పేడ గుంటలో పడతాడు, నూనె తాగుతాడు, గాడిదలు పూన్చిన రథంలో దక్షిణానికి పోతాడు. సుందరకాండలో త్రిజట కలలో రావణుడూ గాడిద మీద దక్షిణానికే పోతాడు. చరకుడూ, కలలో కుక్కల మీదో ఒంటెల మీదో గాడిదల మీదో దక్షిణానికి పోయేవాడు క్షయతో పోతాడని రాశాడు. కవికీ వైద్యుడికీ ఒకే నిఘంటువు. గాడిద, నూనె, దక్షిణం: ఈ మూడు మాటలు వినగానే అప్పటి శ్రోతకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. యముడి దిక్కు కదా.

రాజమండ్రి నుంచి అమలాపురం దక్షిణమే. ఆ మాట పెద్దమ్మకు చెప్పలేదు. చెబితే నాన్న చేత మృత్యుంజయ హోమం చేయించేది.

కానీ నా నిఘంటువు అది కాదు. నా కలలో గాడిదలు లేవు. నేను పుట్టి పెరిగిన చోట మనిషిని తీసుకుపోయేదీ తీసుకువచ్చేదీ ఎర్ర బస్సు. అది నాకేం చెబుతుందో పంచాంగంలో దొరకదు. కుడి పేజీలో దొరకాలి. అక్కడ వెతికితే మొదట నిరాశే. నాన్నను తలుచుకున్న రోజులకూ బస్టాండుకూ ఏ పొత్తూ లేదు. తరువాత, పద్నాలుగింటిలో పదకొండింటికి ముందు రోజు నేను దేనికోసమో గంటల తరబడి కూర్చున్నానని కనిపించింది. ఒక కార్యాలయం వరండాలో సంతకం కోసం, ఆసుపత్రిలో చీటీ కోసం, కౌన్సెలింగ్ జాబితా కోసం. ఇక్కడే ఆగిపోతే అదీ పెద్దమ్మ లెక్కే అవుతుంది. అందుకని తిరగేసి చూశాను. రోజూ రాసిన కుడి పేజీలు ఇందుకు పనికొచ్చాయి. తొంభై రెండు రోజుల్లో అలా కూర్చున్న రోజులు ఇరవై తొమ్మిది. వాటి తరువాత పదకొండు సార్లు బస్టాండు. కూర్చోని రోజులు అరవై మూడు. వాటి తరువాత మూడే. ఒక్క మనిషి నోటుబుక్కు కాబట్టి దీన్ని సిద్ధాంతం అననుగానీ, నాకు ఇది చాలు. అధికారి గది ముందు కుర్చీలో కూర్చున్న నలభై ఆరేళ్ళ మనిషి రాత్రికి ఒళ్ళో క్యారేజీతో పదకొండేళ్ళ పిల్ల అవుతోంది.

అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నిసార్లు అదే చోటికి వెళుతున్నప్పుడు, అక్కడ ఉండగానే ఇది కల అని తెలుసుకోలేనా? కలలోనే కల అని తెలియడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారు. నేను నోటుబుక్కులో ఎరుక కల అని రాసుకున్నాను. మొదట ఇది గాలి కబురేమో అని అనుమానించాను. నమ్మకం కలిగించింది 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ చేసిన ప్రయోగం. కలల దశలో శరీరం కదలదు కానీ కళ్ళు కదులుతాయి. అలన్ వర్స్లీ అనే ఆయన నిద్రలో ఉండి, కలలో ఎరుక రాగానే, ముందే అనుకున్నట్టు కళ్ళను కుడి ఎడమలకు తిప్పాడు. యంత్రం ఆ గీతలను నమోదు చేసింది. నిద్రపోతున్న మనిషి నిద్రలోంచే కబురు పంపాడన్నమాట. తరువాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ ఇదే దారిలో చాలా పని చేసి, ఒక అభ్యాసం కూడా రూపొందించాడు.

అభ్యాసం చెప్పడానికి తేలిక. ఐదు గంటలు నిద్రపోయాక లేవాలి. ఇప్పుడే వచ్చిన కలను గుర్తు చేసుకోవాలి. "ఈసారి కల వస్తే, అది కల అని గుర్తుపడతాను" అని అనుకుంటూ, ఆ కలలోకి మళ్ళీ వెళ్ళి గుర్తుపట్టినట్టు ఊహిస్తూ నిద్రలోకి జారాలి. దానికి తోడు పగలు కొన్నిసార్లు నిజంగానే పరీక్షించుకోవాలి. నేను ఎంచుకున్న పరీక్ష చదవడం. కలలో రాతలు నిలకడగా ఉండవు. ఒకసారి చదివి, చూపు తిప్పి, మళ్ళీ చదివితే చాలాసార్లు మారిపోతాయి. నా కలల్లో బస్సు ఉంది, బస్సుకు బోర్డు ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? పగలు రోడ్డు మీద ఏ బస్సు కనిపించినా బోర్డు రెండుసార్లు చదివేదాన్ని. స్టాఫ్ రూములో నాకు చూపు తగ్గిందన్న ప్రచారం మొదలైంది.

మూడు వారాలు ఏమీ జరగలేదు. పదిన్నరకు పడుకుని మూడున్నరకు లేచేదాన్ని. లేచాక దీపం వేసి, నోటుబుక్కు చదివి, ఊరికే ఉండలేక కాఫీ పెట్టుకునేదాన్ని. తరువాత తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని ఇంటి పైకప్పు చూడటమే. కాఫీ తాగి కల కందామనుకోవడం ఎంత తెలివో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన ఫలితాలు చదివాక తప్పు తెలిసింది. ఈ అభ్యాసం చేసినవాళ్ళకు సుమారు ఆరు రాత్రుల్లో ఒక రాత్రి ఎరుక కల వచ్చింది. అభ్యాసం ముగించి ఐదు నిమిషాల్లోపు మళ్ళీ నిద్రపోయినవాళ్ళకు దాదాపు రెండింట ఒకటి. కాబట్టి లేవాలి, కానీ పూర్తిగా లేవకూడదు. కాఫీ మానేశాను. దీపం వేయడం మానేశాను. ఐదారు నిమిషాలు మంచం అంచున కూర్చుని, బస్టాండును కళ్ళముందు నిలుపుకుని, మళ్ళీ పడుకోవడం.

ఈ వేళ గురించి ఒక మాట. ఆముక్తమాల్యద మొదట్లో శ్రీకృష్ణదేవరాయలు తన కల చెబుతాడు. కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉండి, ఆ రాత్రి నాలుగో జామున స్వామిని కలలో చూశాడు. గుడి, ఉపవాసం, చివరి జాము. మనవాళ్ళు తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు. నిజమవడం సంగతి అలా ఉంచితే, ఆ వేళ కలలు పొడుగ్గా, స్పష్టంగా వస్తాయి, లేచాక గుర్తుంటాయి. రాయల కల కూడా సరిగ్గా ఆ వేళకే రావడం లెక్కల మాస్టరుకు ముచ్చట కలిగించే సంగతి.

ఐదో నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున బస్సు వచ్చి ఆగింది. బోర్డు మీద అమలాపురం అని ఉంది. అమలాపురంలోనే కూర్చుని అమలాపురం బస్సు కోసం చూడటమేమిటన్న అనుమానం రాలేదు. కలలో అంత తెలివి ఉండదు. అలవాటు కొద్దీ క్యారేజీ వైపు చూసి, తల ఎత్తి మళ్ళీ చదివాను. అమలపరుం. ఇంకోసారి. మలాపం. "కల!" అని అరిచాను. అంతే, లేచిపోయాను. ఐదు సెకన్లు కూడా ఉండదు. గుండె దడదడలాడుతోంది.

సంతోషపడితే కల చెదిరిపోతుంది. దానికి మందు, కలలోని అరచేతులు రెండూ రుద్దుకోవడం. స్పర్శ మీద ధ్యాస పెడితే దృశ్యం నిలుస్తుంది. రెండోసారి అలా చేశాను, నిలిచింది. బెంచీ గరుకు తెలుస్తోంది. బస్సు ఎక్కి, ముఖం కనిపించని కండక్టరును "మా నాన్న ఏడి?" అని అడిగాను. ఏదో గొప్ప జవాబు వస్తుందని ఎదురుచూశాను. ఆయన టికెట్టు చింపి ఇచ్చాడు. టికెట్టు మీద అంకెలు చదవబోతే చీమల్లా కదిలిపోయాయి. అంతటితో అయిపోయింది. ఎరుక కలలో పాత్రలు జ్ఞానులై సలహాలిస్తాయని కొందరు రాస్తారు. నాకు టికెట్టు ఇచ్చారు.

మూడోదాన్ని మాత్రం మరిచిపోలేను. ఈసారి ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు. పద్నాలుగు కలల్లోనూ నేను చేయనిది ఒకటుంది: బెంచీ మీద నుంచి లేవలేదు. లేచాను. క్యారేజీ అక్కడే పెట్టాను. బస్టాండు గేటు దాకా నడిచాను. గేటు బయట ఏమీ లేదు. చీకటి కాదు, గోడ కాదు. తయారు చేయని చోటు. అడుగు వేశాను. అడుగు కింద రోడ్డు వచ్చింది. ఇంకో అడుగు, ఇంకొంత రోడ్డు, పక్కన కాలవ, కాలవ గట్టున కొబ్బరి చెట్టు. నేను వేసేదాకా లేదు, వేశాక ఎప్పటినుంచో ఉన్నట్టే ఉంది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెప్పిన మాట అప్పటికే చదివాను: అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, రథాలను, గుర్రాలను, దారులను అతడే సృష్టించుకుంటాడు, అతడే కర్త. చదివినప్పుడు అది తత్త్వం అనుకున్నాను. కాలి కింద రోడ్డు పుట్టుకొచ్చినప్పుడు, చూసినవాడెవరో చెప్పిన మాటలా అనిపించింది. చదివినందువల్లే నాకు అలా కనిపించి ఉండవచ్చు. చరకుడి లెక్కలో అది "శ్రుతం", విన్నదాని కల, ఫలం లేనిది. ఆ గడిలోనే వేశాను.

లేచాను. దీపం వేశాను. పెన్సిలు తీసి రెండు పేజీలు నిండా రాశాను, ఒక్క ముక్క వదలకుండా. తృప్తిగా నోటుబుక్కు మూశాను. అప్పుడు లేచాను. గది చీకటిగా ఉంది, పేజీ ఖాళీగా ఉంది. రాయడం కూడా కలే. నిద్ర లేచినట్టు వచ్చే ఈ దొంగ మెలకువ ఈ అభ్యాసంలో మామూలేనట. తరువాత నాలుగైదుసార్లు అలా మోసపోయాను. ఇప్పుడు రాయడం మొదలుపెట్టేముందు తేదీ వేసి, కళ్ళు మూసి తెరిచి, తేదీ మళ్ళీ చదువుతాను. నిజంగా రాసుకున్నది తక్కువే. అసలు రోడ్డు ఎంత పొడుగుందో ఆ దొంగ పేజీల్లోనే ఉండిపోయింది.

దీనికి వెల కట్టాను. వరసగా రెండు వారాలు తెల్లవారుజామున లేచేసరికి పగలు బుర్ర పనిచేయలేదు. పదో తరగతిలో నల్లబల్ల మీద ఏడెనిమిదులు యాభై నాలుగని రాశాను. పిల్లలు మర్యాదగా నవ్వారు. ఒకసారి పావు తక్కువ ఐదుకు మెలకువ వచ్చింది కానీ కాలూ చేయీ ఆడలేదు, గుండె మీద ఎవరో కూర్చున్న బరువు. మా ఊళ్ళో దయ్యం అదిమింది అనేది ఇదే. మెదడు లేచి, శరీరం కలల దశ బిగింపులోనే ఉండిపోతే అలా అవుతుంది. నిమిషమో రెండు నిమిషాలో. వేలి కొస కదపడానికి ప్రయత్నిస్తూ, నెమ్మదిగా ఊపిరి పీలిస్తే వదిలింది. అది తెలిసీ భయపడ్డాను. అప్పటినుంచి శనివారం రాత్రి మాత్రమే, ఆదివారం తీరిగ్గా లేచే వీలున్నప్పుడే. మనసు బాగాలేక మందులు వాడుతున్న తోటి టీచరు ఒకామె తనకూ నేర్పమంటే నేర్పలేదు. ఏది కలో ఏది నిజమో అనే గీతతో ఆడుకోవడం అందరికీ క్షేమం కాదు. ముందు డాక్టరును అడగమన్నాను.

ఏడాదిలో మొత్తం తొమ్మిది ఎరుక కలలు వచ్చాయి. బస్టాండు కలలు పూర్తిగా పోలేదు, తగ్గాయి. కౌన్సెలింగ్ అయిపోవడం వల్ల తగ్గాయో, బెంచీ మీద నుంచి లేవడం వల్ల తగ్గాయో విడదీసి చెప్పే దారి నా నోటుబుక్కులో లేదు.

మొన్న సంక్రాంతికి తమ్ముడింటికి వెళ్ళినప్పుడు నాన్న అరుగు మీద ఒంటరిగా దొరికాడు. ఎనభైకి దగ్గరలో ఉన్నాడు. క్యారేజీ సంగతి, బోర్డు సంగతి, రోడ్డు సంగతి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నీకు కలలు రావా నాన్నా?"

"ఎందుకు రావూ. అదే కల. బండి డిపోలో పెట్టాక టికెట్లకూ డబ్బుకూ పొంతన కుదరదు. వంద తక్కువ, రెండు వందలు తక్కువ. మళ్ళీ లెక్కపెడతాను, ఇంకో అంకె వస్తుంది."

"భయమేస్తుందా?"

"మొదట్లో వేసేది. ఇప్పుడెందుకమ్మా? డబ్బు తగ్గగానే అనుకుంటాను, ఓరి నీ, నేను రిటైరయ్యాను కదా, ఇది కల కదా అని. సంచీ అక్కడే బల్ల మీద పడేసి, వాళ్ళనే కట్టుకోమని చెప్పి, డిపో వెనక టీ కొట్టుకు పోతాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"పదిహేనేళ్ళయి ఉంటుంది," అన్నాడు. "టీ మాత్రం బాగుంటుంది."